గౌరమ్మ తెగకుండా: బొమ్మ గీయకముందే తేలాల్సిన కొలతలు

బతుకమ్మ రోజుల్లో హన్మకొండ చౌరస్తా నుంచి వేయిస్తంభాల గుడి వైపు నడుస్తుంటే దారి పొడవునా ఫ్లెక్సీలే. వాటిలో కొన్నింటి ముందు కాస్త ఆగి చూడాలి. ఒకదాంట్లో బతుకమ్మ ఉంటుంది, పైన గౌరమ్మ ఉండదు. ఫ్రేము అంచు దగ్గరే శిఖరం తెగిపోయి ఉంటుంది. ఇంకోదాంట్లో తెగకుండా మొత్తం పట్టించారు, కానీ బతుకమ్మ గుమ్మడికాయలా పక్కలకు ఉబ్బింది, పక్కనున్న ఆడవాళ్ల ముఖాలు కూడా దానికి తగ్గట్టే వెడల్పయ్యాయి. మూడోదాంట్లో ఆకారం బాగానే ఉంది గానీ తంగేడు పూలు పూల్లా లేవు, పసుపు రంగు గళ్లగుడ్డలా ఉన్నాయి.

ఈ మూడు తప్పులూ ఒకటే అన్నట్టు "ఫొటో క్లారిటీ లేదు" అనేస్తారు. నిజానికి మొదటి రెండూ ఆకారానికి సంబంధించినవి, మూడోది పిక్సెళ్లకు సంబంధించినది. రెండింటికీ మందు వేరు. పిక్సెళ్లు కొంచెం తగ్గినా చూసే దూరం కాపాడుతుంది. ఆకారం తప్పితే మాత్రం కాపాడేది ఏదీ లేదు, బొమ్మ మళ్లీ గీయాల్సిందే. అందుకే గీసేవాళ్లు కలర్ల గురించి అడగడానికి ముందు "ఇది చివరికి ఎక్కడ, ఎంత సైజులో కనబడాలి" అని అడగాలి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. హన్మకొండలో ఒక కాలనీ కమిటీ సద్దుల బతుకమ్మకు ఒక బొమ్మ గీయించాలనుకుంది. కంప్యూటర్ మీద గీసే కుర్రాడు ఒకరున్నారు. అడిగింది మూడింటి కోసం: కాలనీ వాళ్లంతా ఫోన్లో పెట్టుకునే వాల్‌పేపర్, దుకాణాల గోడల మీద అంటించే 12×18 అంగుళాల పోస్టర్, గేటు దగ్గర కట్టే 10×6 అడుగుల ఫ్లెక్సీ. బొమ్మ ఒకటే, వాడకాలు మూడు.

సాధారణంగా జరిగేది ఏమిటంటే, గీసేవాళ్ల చేతిలో ఉన్నది ఫోను కాబట్టి ఫోను సైజుతో మొదలవుతుంది. ఇప్పుడు దొరికే ఆండ్రాయిడ్ ఫోన్లలో చాలావాటి తెర 1080×2400 పిక్సెళ్లు. అంటే వెడల్పు 9 పాళ్లయితే ఎత్తు 20 పాళ్లు. బతుకమ్మ కింద వెడల్పుగా మొదలై పైకి సన్నబడే శిఖరం కాబట్టి ఈ నిలువు చట్రంలో చక్కగా కూర్చుంటుంది, ఫోన్లో చూస్తే ముచ్చటేస్తుంది. ఇబ్బంది రెండో వాడకం దగ్గర మొదలవుతుంది. 12×18 పోస్టర్‌లో వెడల్పు 2 పాళ్లు, ఎత్తు 3 పాళ్లు. ఫోను బొమ్మ వెడల్పును 12 అంగుళాలకు సరిపెడితే అంగుళానికి 90 పిక్సెళ్లు పడతాయి. 18 అంగుళాల ఎత్తుకు పట్టేది 1620 పిక్సెళ్లే. మిగిలిన 780 పిక్సెళ్లు, అంటే బొమ్మ ఎత్తులో మూడో వంతు, కత్తెరకు పోతుంది.

ఫ్లెక్సీ దగ్గర పరిస్థితి మరీ ఘోరం. 10 అడుగులంటే 120 అంగుళాలు. 1080 పిక్సెళ్లను 120 అంగుళాల మీద పరిస్తే అంగుళానికి 9 పడతాయి. ఒక్కో పిక్సెల్ దాదాపు 3 మిల్లీమీటర్ల గడి అవుతుంది. 6 అడుగుల ఎత్తుకు వాడుకోగలిగేది 648 పిక్సెళ్లు. 2400లో 648 అంటే పావు వంతు కంటే కాస్త ఎక్కువ. ఆ పావులో తాంబాళమో, నడుమో, గౌరమ్మో ఏదో ఒకటే పడుతుంది. "అట్లెట్లా, మొత్తం పట్టాలె" అని కమిటీ పట్టుబడితే షాపులో ఆపరేటర్ చేయగలిగేది రెండే. బొమ్మను నడుమ నిలువుగా పెట్టి రెండు పక్కలా ఏదో రంగు నింపడం, లేదంటే మూలలు పట్టి సాగదీయడం. పండగ ముందు రోజు సాయంత్రం షాపులో పది మంది నిలబడి ఉంటారు కాబట్టి సాగదీయడమే జరుగుతుంది. ఉబ్బిన బతుకమ్మలు పుట్టేది అక్కడే.

ఇక పిక్సెళ్ల సంగతి. "ప్రింటుకు 300 ఉండాలి" అనే మాట ప్రతి డీటీపీ సెంటర్‌లో వినిపిస్తుంది. అంగుళానికి 300 పిక్సెళ్లు అని దాని అర్థం. మాట తప్పు కాదు, కానీ అది చేతిలో పట్టుకుని చూసేవాటికి చెప్పిన మాట. మామూలు చూపున్న కన్ను ఒక డిగ్రీలో అరవయ్యో వంతు కోణం కంటే దగ్గరగా ఉన్న రెండు చుక్కలను విడదీసి చూడలేదు. దీన్ని అంగుళాల్లోకి మారిస్తే తేలికైన లెక్క వస్తుంది: చూసే దూరం ఎన్ని అంగుళాలో చూసి, 3438ని ఆ సంఖ్యతో భాగించాలి. అడుగు దూరంలో పట్టుకున్న పెళ్లి కార్డుకు 3438ని 12తో భాగిస్తే 286. 300 అనే సంఖ్య వెనకున్న సంగతి ఇదే. గోడ మీది పోస్టర్‌ను అడుగున్నర దూరం నుంచి చదివితే 191 చాలు, అయిదు అడుగుల నుంచి చూస్తే 57 చాలు. గేటు మీది ఫ్లెక్సీని పది అడుగుల దూరం నుంచి చూసేవాళ్లకు 29 చాలు.

ఈ లెక్క తెలియక ఫ్లెక్సీకి కూడా 300 పెట్టేవాళ్లున్నారు. 10×6 అడుగులకు అలా పెడితే 36,000×21,600 పిక్సెళ్లు కావాలి. ఫొటోషాప్ మామూలు PSD ఫైలు ఏ వైపూ 30,000 పిక్సెళ్లు దాటనివ్వదు. అంటే ఆ ఫైలు సేవ్ కూడా కాదు. అంత కష్టపడి దాన్ని వేరే రకంగా సేవ్ చేసుకుని తీసుకెళ్లినా, రోడ్డు మీద నిలబడ్డ మనిషికి అందులో పదో వంతు కూడా కనబడదు. మరికొందరు ఇంకో దారి పట్టి 10×6 అడుగులను 10×6 అంగుళాలుగా తీసుకుని 300 పెడతారు. వచ్చేది 3000×1800 పిక్సెళ్లు, అసలు సైజులో అంగుళానికి 25. ఇది చూడటానికి తప్పులా ఉంటుంది గానీ, ఎత్తులో కట్టే ఫ్లెక్సీకి బాగానే నడుస్తుంది. పక్కన నిలబడి ఫొటోలు దిగే ఫ్లెక్సీకే చాలదు.

ఇప్పుడు కమిటీ బొమ్మను తిరగేసి మొదలుపెడదాం. మూడింటిలో అడ్డంగా ఉన్నది ఫ్లెక్సీ ఒక్కటే, సైజులోనూ అదే పెద్దది. కాబట్టి చట్రం ఫ్లెక్సీ ఆకారంలో, 5 పాళ్ల వెడల్పు, 3 పాళ్ల ఎత్తుతో తీసుకోవాలి. 6000×3600 పిక్సెళ్లు తీసుకుంటే ఫ్లెక్సీ మీద అంగుళానికి 50 పడతాయి. ఆరడుగుల దూరం నుంచి చూసినా గళ్లు కనబడవు. అదే చట్రంలో నడిమి భాగం 2400×3600 కత్తిరిస్తే సరిగ్గా 12×18 పోస్టర్ ఆకారం, అంగుళానికి 200. అడుగున్నర దూరానికి 191 చాలనుకున్నాం కదా, సరిపోయింది. ఇంకా నడుమకు జరిగి 1620×3600 కత్తిరిస్తే అది ఫోను ఆకారం. దాన్ని ఒకటిన్నర రెట్లు తగ్గిస్తే 1080×2400 వచ్చేస్తుంది. మూడింటికీ ఎత్తు ఒకటే. వెడల్పు మాత్రమే నడుమ నుంచి రెండు పక్కలకూ తెరుచుకుంటూ పోతుంది.

9000×5400 తీసుకుంటే పోస్టర్‌కు కచ్చితంగా 300 వస్తుంది కదా అనిపిస్తుంది. వస్తుంది. కానీ 6000×3600లో ఒక లేయర్ నిండా రంగు వేస్తే మెమరీలో దాదాపు 86 ఎం.బి. పడుతుంది, 9000×5400లో అదే లేయర్ 194 ఎం.బి. పూలు వేరు, మనుషులు వేరు, నీడలు వేరు, ఆకాశం వేరు అని ఇరవై లేయర్లు వేస్తే దాదాపు 4 జీబీ పడుతుంది. 8 జీబీ ర్యామ్ ఉన్న మామూలు కంప్యూటర్‌లో బ్రష్ గీత గీసిన క్షణం తరువాత గానీ తెర మీద కనబడదు. గోడ పోస్టర్ కోసం ఆ బాధ అక్కర్లేదు. పెళ్లి ఆల్బమో, ఫ్రేము కట్టించి ఇంట్లో పెట్టుకునే ప్రింటో అయితే పెద్దది తీసుకోవడంలో అర్థముంది.

చట్రం తేలాక, లోపల ఏది ఎక్కడ పెట్టాలన్నది దాదాపు దానంతటదే తేలుతుంది. బతుకమ్మ, గౌరమ్మ, తాంబాళం నడిమి 1620లో ఇమిడిపోవాలి. నిజానికి 1500లోనే ఇమిడ్చితే మంచిది. కొన్ని ఫోన్లు ఇంకా సన్నగా, 21:9లో ఉంటాయి, వాటికి 3600 ఎత్తులో దక్కే వెడల్పు 1543 మాత్రమే. పాత 16:9 ఫోన్లకు అదే ఎత్తులో 2025 దక్కుతుంది, వాటికి పక్కల ఇంకొంచెం నేల కనబడుతుంది, అంతే. ఆడే ఆడవాళ్లలో ఇద్దరు ముగ్గురు పోస్టర్ పరిధిలో, మిగతా వలయమంతా ఫ్లెక్సీ పక్కల్లో పడాలి. ఇది బతుకమ్మకు కలిసొచ్చిన సంగతి: నడుమ నిలువుగా పేర్చిన పూలు, చుట్టూ అడ్డంగా తిరిగే మనుషులు. నడుమ చూస్తే నిలువు బొమ్మ, మొత్తం చూస్తే అడ్డ బొమ్మ.

నిలువులో కూడా చూసుకోవాల్సింది ఉంది. ఫోను లాక్ తెర మీద గడియారం, తేదీ పై పావు భాగం తీసుకుంటాయి. పోస్టర్‌కు కూడా పైనే శీర్షిక పడాలి. కాబట్టి 3600 ఎత్తులో పైన 1100 పిక్సెళ్ల దాకా సాయంత్రపు ఆకాశం తప్ప ఇంకేమీ పెట్టకూడదు. గౌరమ్మ అక్కడి నుంచి కింద మొదలై, తాంబాళం 2900 దగ్గర ఆగితే, అడుగున 700 పిక్సెళ్ల నేల మిగులుతుంది. ఫోన్లో టార్చి, కెమెరా గుర్తులు అక్కడ పడతాయి. పోస్టర్‌లో కమిటీ పేరూ సమయమూ అక్కడ పడతాయి. ఒకే ఖాళీ రెండు పనులకు వస్తుంది.

ఓరుగల్లులో ఏ బొమ్మ గీసినా కాకతీయ కళాతోరణం పెట్టమని అడగకుండా ఉండరు. అందులోనూ బతుకమ్మను సరిగ్గా తోరణం కింద పెట్టమంటారు. ఇక్కడే లెక్క తప్పుతుంది. తోరణం ఆకారానికి ప్రాణం రెండు స్తంభాలు, వాటి మీది అడ్డదూలం. దాన్ని 2300 వెడల్పుతో గీస్తే పోస్టర్‌లో నిండుగా ఉంటుంది, ఫోన్లో మాత్రం స్తంభాలు రెండూ తెగి దూలం గాల్లో వేలాడుతుంది. 1500లోకి కుదిస్తే బతుకమ్మ ఆ తోరణం కింద ఆటబొమ్మంత అవుతుంది. దీనికి దారి రెండు రకాలుగా ఉంది. ఒకటి, తోరణాన్ని నడుమ కాకుండా ఎడమ పక్కన, దూరంగా చిన్నగా కనబడేలా ఫ్లెక్సీ భాగంలో పెట్టడం. రెండోది, దాన్ని వేరే లేయర్‌లో గీసుకుని, వాల్‌పేపర్ తీసేటప్పుడు మాత్రం బతుకమ్మ వెనక దూరంగా ఉన్నట్టు తగ్గించి ఇమడ్చడం. రెండో పద్ధతికి తోరణం వెనకున్న ఆకాశం కూడా పూర్తిగా గీసి ఉండాలి, లేకపోతే జరిపిన చోట బొక్క కనబడుతుంది. ఈ మాట కూడా గీయకముందే అనుకోవాలి, గీశాక కాదు.

అంచుల గురించి క్లుప్తంగా. పోస్టర్‌ను 13×19 షీటు మీద కొట్టి 12×18కి కత్తిరిస్తారు. కత్తెర వెంట్రుకవాసి అటూ ఇటూ అయినా తెల్ల గీత రాకూడదు కాబట్టి చుట్టూ 3 మిల్లీమీటర్లు అదనంగా బొమ్మ ఉండాలి. 200 లెక్కన అది 24 పిక్సెళ్లు. అందుకని మొదటే 6000×3600 చుట్టూ 50 పిక్సెళ్లు కలిపి 6100×3700 కాన్వాస్ తీసుకుని, ఆ అంచు దాకా నేలా ఆకాశమూ నింపితే సరిపోతుంది. ఫ్లెక్సీకి ఇబ్బంది ఇంకోలా ఉంటుంది: ఫ్రేముకు లాగి బిగించినప్పుడు అంచులు వెనక్కి మడిచిపోతాయి. ఎంత మడుస్తారో కట్టేవాళ్లను అడగడం మంచిది. అడిగినా అడగకపోయినా, అంచు నుంచి నాలుగంగుళాల మేర ముఖం గానీ అక్షరం గానీ పెట్టకూడదు.

అక్షరాలను అసలు ఈ బొమ్మలో కలపకూడదు. 200 లెక్కన పూలు, ముఖాలు బాగానే వస్తాయి గానీ తెలుగు అక్షరం రాదు. ఇంగ్లిష్ అక్షరానికి లేని తలకట్టూ గుడీ ఒత్తులూ మనకున్నాయి, చిన్న సైజులో ఆ సన్న గీతల అంచులే ముందు మెట్లు మెట్లుగా విరుగుతాయి. "స్త్రీ" అనే ఒక్క అక్షరంలో ఎన్ని మలుపులున్నాయో చూస్తే చాలు. బొమ్మను ఒట్టి బొమ్మగా ఇచ్చి, అక్షరాలను కోరల్‌డ్రాలో పోస్టర్‌కు వేరుగా, ఫ్లెక్సీకి వేరుగా పేర్చాలి. అక్కడ అక్షరం పిక్సెళ్లతో కాదు, గీతలతో ఉంటుంది. ఎంత పెంచినా పదును పోదు. షాపుకు ఇచ్చే ముందు వాటిని `Convert to Curves` చేస్తే, అను ఫాంటు ఆ కంప్యూటర్‌లో లేక పేరు గజిబిజిగా పడే గొడవ కూడా ఉండదు.

గీయకుండా ఫోనుతో ఫొటో తీసి వాడినా ఇదే వరస. 12 మెగాపిక్సెల్ ఫొటో 4000×3000 ఉంటుంది. ఫోను నిలువుగా పట్టుకుని బతుకమ్మ నిండేలా తీస్తే పోస్టర్‌కు అద్భుతం, ఫ్లెక్సీకి మాత్రం 4000 ఎత్తులో 1800 మాత్రమే దక్కి గౌరమ్మ తెగుతుంది. నాలుగడుగులు వెనక్కి జరిగి, ఫోను అడ్డంగా పట్టి, బతుకమ్మను నడుమ మూడో వంతులో ఉంచి తీస్తే ఫ్లెక్సీకి అంగుళానికి 33, పోస్టర్‌కు 167 దక్కుతాయి. 3000 ఎత్తులో ఫ్లెక్సీకి 2400 మాత్రమే వాడుకుంటాం కాబట్టి పైనా కిందా కొంత ఖాళీ వదిలి తీయాలి. వెనక్కి జరిగి మళ్లీ జూమ్ చేస్తే మాత్రం జరిగిన లాభం పోయినట్టే.

ఈ పద్ధతి అన్నింటికీ సరిపోదు. పండగకు రెండు రోజుల ముందు ఎవరో ఒకరు 3×6 అడుగుల స్టాండీ కావాలంటే ఇబ్బంది లేదు; నడిమి 1800×3600 తీస్తే అంగుళానికి 50 పడతాయి. కానీ రోడ్డుకు అడ్డంగా కట్టే 20×3 అడుగుల బ్యానర్ అడిగితే 6000 వెడల్పుకు దక్కే ఎత్తు 900 మాత్రమే. మన బతుకమ్మ ఒక్కటే 1800 ఎత్తుంది. పిక్సెళ్లు అంగుళానికి 25 ఉన్నాయి, అంత ఎత్తున కట్టేదానికి అవి చాలు, ఆకారమే కుదరదు. దానికి బతుకమ్మను ఒక చివర చిన్నగా పెట్టి, ఆడే వాళ్ల వరసను పొడవునా సాగేలా మళ్లీ పేర్చుకోవాల్సిందే. పోస్టర్‌ను 12×18 బదులు ఏ3 మీద కొట్టమంటే తేడా చిన్నదే. ఏ3 కాస్త పొట్టి, పైనా కిందా అరంగుళం చొప్పున పోతుంది. ఆకాశం, నేల వదిలి ఉన్నాం కాబట్టి ఏమీ తెగదు. ఆ అరంగుళం పోనివ్వకుండా షాపులో సాగదీస్తే ముఖాలు ఆరు శాతం వెడల్పవుతాయి. చెప్పలేం గానీ, ఏదో తేడాగా ఉందని చూసినవాళ్లకు అనిపిస్తుంది.

ఇంత చేసిన ఫైలు షాపుకు వెళ్లే దారిలో చెడిపోవడం కూడా మామూలే. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే మామూలు నాణ్యతలో పొడవు వైపు సుమారు 1600 పిక్సెళ్లకు తగ్గిపోతుంది. 1600ను 120 అంగుళాల మీద పరిస్తే 13. చౌరస్తాలో కనిపించిన పసుపు గళ్లగుడ్డ పుట్టుక తరచూ ఇదే. డాక్యుమెంట్‌గా పంపాలి, లేదా పెన్‌డ్రైవ్‌లో ఇవ్వాలి. వచ్చిన ఫైలు ఏ స్థితిలో ఉందో షాపులోనే అర నిమిషంలో తెలుస్తుంది: ఫొటోషాప్‌లో `Image` మెనూలో `Image Size` తెరిచి, `Resample` దగ్గర టిక్ తీసేసి, వెడల్పు దగ్గర 120 అంగుళాలు కొడితే `Resolution` దగ్గర అసలు సంఖ్య కనిపిస్తుంది. 50 కనిపించాలి. 13 కనిపిస్తే ఫైలు దారిలో నలిగిందని. టిక్ ఉంచేసి అక్కడ 300 అని కొడితే కంప్యూటర్ పిక్సెళ్లను తనకు తోచినట్టు పుట్టించి నింపుతుంది. సంఖ్య పెరుగుతుంది, పూల రేకులు పెరగవు.

అనుమానం తీరకపోతే ఫ్లెక్సీ కొట్టించే ముందు ఒక ఏ4 కాగితం ఖర్చు పెట్టాలి. 6000×3600 ఫైల్లో గౌరమ్మ ఉన్న చోట 400×560 పిక్సెళ్ల ముక్క కత్తిరించి, 8×11.2 అంగుళాల సైజులో ప్రింటు తీయాలి. ఫ్లెక్సీ మీద ఆ ముక్క సరిగ్గా అంతే సైజులో పడబోతోంది. దాన్ని షాపు గోడకు అంటించి, గేటు దగ్గర జనం నిలబడేంత దూరం వెనక్కి జరిగి చూడాలి. అక్కడి నుంచి పసుపు ముద్ద మీది కుంకుమ బొట్టు గుండ్రంగా కనిపిస్తే ఫ్లెక్సీ కొట్టమని చెప్పొచ్చు.